ఇంగ్లీషు టూరిస్టు బ్రోషర్‌ని పర్షియన్‌లోకి తేవడం ఎలా: 'ప్రపంచంలోనే అతి గొప్ప' అన్న మాటల్ని ఏం చేయాలి?

హైదరాబాద్ గురించిన ఏ ఇంగ్లీషు టూరిజం బ్రోషర్ అయినా తెరిచి చూడండి. 'మోస్ట్ మెజెస్టిక్', 'వరల్డ్స్ ఫైనెస్ట్', 'బ్రెత్‌టేకింగ్', 'మస్ట్ సీ', 'హిడెన్ జెమ్'... మొదటి పేజీలోనే ఇవన్నీ వచ్చేస్తాయి. ఇప్పుడు దాన్ని ఇరాన్ నుంచి వచ్చే టూరిస్టుల కోసం పర్షియన్‌లోకి మార్చమని మీకు ఇచ్చారనుకోండి. పర్షియన్‌లో 'అతి' అనడానికి తేలికైన ప్రత్యయం ఉంది కదా, '-తరీన్' తగిలించుకుంటూ పోదాం అనిపిస్తుంది. బొజోర్గ్ అంటే పెద్ద, బొజోర్గ్‌తర్ అంటే ఇంకా పెద్ద, బొజోర్గ్‌తరీన్ అంటే అన్నిటికన్నా పెద్ద. వ్యాకరణం సులువే, కానీ వచ్చిన బ్రోషర్ మాత్రం ఎవరూ చదవరు.

కారణం ముందే చెప్తాను, ఎందుకంటే కింద చెప్పే పద్ధతి అంతా దీని మీదే నిలబడి ఉంది. పర్షియన్ అతిశయోక్తికి భయపడే భాష కాదు. వాళ్ళ అలంకారశాస్త్రంలో గొప్ప చేసి చెప్పడానికి మొబాలెఘె, ఎఘ్‌రాఖ్, ఘొలొవ్వ్ అని మెట్లే ఉన్నాయి. జరగగలిగేది ఒకటి, ఊహకు అందినా మామూలుగా జరగనిది ఇంకొకటి, ఊహకు కూడా అందనిది మూడోది. ఇస్ఫహాన్‌ని వాళ్ళు తరతరాలుగా 'నెస్ఫ్-ఎ జహాన్' అంటారు, అంటే సగం ప్రపంచం. ఇంతకన్నా పెద్ద పొగడ్త ఏముంటుంది? కానీ గమనించండి, అందులో '-తరీన్' లేదు. ఇస్ఫహాన్ మొదటి ర్యాంకు అనలేదు, ఒక బొమ్మ చూపించారు. ర్యాంకు చెప్తే చదివేవాడు 'ఎవరన్నారు?' అని అడుగుతాడు, బొమ్మ చూపిస్తే అడగడు. ఇంగ్లీషు బ్రోషర్ ర్యాంకులతో పొగుడుతుంది, పర్షియన్ బొమ్మతోనూ మర్యాదతోనూ పొగుడుతుంది. మన పనల్లా ఆ ర్యాంకుల్లో ఏవి ఉంచాలో, ఏవి ఇంకో రూపంలోకి మార్చాలో తేల్చుకోవడమే.

ముందుగా: ఎవరు చదువుతారు?

పర్షియన్ అని ఒకే మాట అంటాం గానీ ఇరాన్‌లో ఫార్సీ, అఫ్ఘానిస్తాన్‌లో దరీ, తజికిస్తాన్‌లో తజిక్ ఉన్నాయి. తజిక్‌ని సిరిలిక్ లిపిలో రాస్తారు కాబట్టి దానికి వేరే బ్రోషరే కావాలి. దరీకి లిపి అదే, '-తరీన్' కూడా అదే, కానీ నెలల పేర్లు, తిండి మాటలు చాలా వేరు. ఈ వ్యాసంలో ఇరాన్ పాఠకుడినే తీసుకుంటున్నా. పని ఇచ్చినవాళ్ళని ఈ ప్రశ్న ముందే అడిగి, జవాబు రాతలో తీసుకోండి. రెండు దేశాలకీ ఒకే కాపీ చాలంటే, ఏ నెలల పేర్లు వేయాలో కూడా వాళ్ళ చేతే చెప్పించండి.

మొదటి మెట్టు: ప్రతి 'మోస్ట్' కిందా గీత గీసి మూడు రంగులు వేయండి

అనువాదం మొదలుపెట్టకముందే ఇంగ్లీషు ప్రింట్ తీసుకుని, గొప్ప చెప్పే ప్రతి మాట కిందా గీత గీయండి. 'మోస్ట్', '-ఎస్ట్' మాత్రమే కాదు, 'యునీక్', 'లెజెండరీ', 'అన్‌ఫర్గెటబుల్' లాంటివి కూడా. తర్వాత వాటిని మూడు రకాలుగా విడదీయండి.

మొదటి రకం నిజంగా తేల్చగలిగినవి. రామోజీ ఫిల్మ్ సిటీ ప్రపంచంలోకెల్లా పెద్ద ఫిల్మ్ స్టూడియో సముదాయం అన్నది గిన్నిస్ రికార్డు. ఇక్కడ '-తరీన్' ధైర్యంగా వాడాలి, పక్కనే ఆధారం కూడా చెప్పాలి. 'బొజోర్గ్‌తరీన్ మొజ్‌తమఎ స్తుదియో-యె ఫిల్మ్‌సాజీ-యె జహాన్' అని రాసి, గిన్నిస్ నమోదు ప్రకారం అన్న ముక్క చేర్చండి. ఆధారం ఉన్న ఒక్క 'తరీన్' పేజీ మొత్తానికి బలం ఇస్తుంది, పక్కన ఆధారం లేనివి పది పెడితే ఇదీ వాటిలో కలిసిపోతుంది.

రెండో రకం అందరూ అంటూ ఉండేవి, కానీ తేల్చి చెప్పలేనివి. సాలార్‌జంగ్ మ్యూజియం గురించి 'ఒకే మనిషి సేకరించిన వస్తువుల్లో ప్రపంచంలోనే పెద్ద సేకరణ' అని చాలాచోట్ల రాస్తారు. చౌమహల్లా ప్యాలెస్‌ని టెహ్రాన్‌లోని షా ప్యాలెస్ నమూనాలో కట్టారని కూడా రాస్తారు. ఈ రెండోది ఇరానీ చేతికి వెళ్ళే కాగితంలో పెట్టేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, ఎందుకంటే ఆ ప్యాలెస్ చూసినవాడే ఇది చదువుతాడు. ఇలాంటి చోట్ల 'గొఫ్తె మీ-శవద్', అంటే 'అంటారు' అనే మాట చేర్చండి, లేదా 'వాటిలో ఒకటి' అనే రూపానికి దించండి. ఇవేవీ కుదరకపోతే పని ఇచ్చినవాళ్ళకి నోట్ రాసి ఆ వాక్యం తీసేయమని అడగండి.

మూడో రకం ఉత్త ఊపు కోసం రాసినవి. 'మీ జీవితంలోనే అతి అందమైన సూర్యాస్తమయం' లాంటివి. వీటికి ఆధారం ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. మామూలు బ్రోషర్‌లో గీత గీసిన మాటల్లో ఎక్కువ భాగం ఇవే. అసలు నేర్పు వీటి దగ్గరే కావాలి, దాని గురించి మూడో మెట్టులో వివరంగా చెప్తాను.

రెండో మెట్టు: 'తరీన్' వ్యాకరణం సరిగ్గా పట్టుకోండి

పర్షియన్‌లో మామూలు విశేషణం నామవాచకం తర్వాత వస్తుంది, మధ్యలో '-ఎ' అనే ఎజాఫె చేరుతుంది. షహ్ర్-ఎ బొజోర్గ్ అంటే పెద్ద నగరం. కానీ '-తరీన్' వస్తే వరస తిరగబడుతుంది. విశేషణం ముందుకొస్తుంది, ఎజాఫె పోతుంది, నామవాచకం ఏకవచనంలోనే ఉంటుంది. బొజోర్గ్‌తరీన్ షహ్ర్ అంటే అన్నిటికన్నా పెద్ద నగరం. 'వాటిలో ఒకటి' అనాలంటే బహువచనం కావాలి: యెకీ అజ్ బొజోర్గ్‌తరీన్ షహ్ర్-హా. ఇక్కడ 'షహ్ర్' అని ఏకవచనం వదిలేయడం కొత్తవాళ్ళ దగ్గర తరచూ కనిపించే తప్పు, ఇరానీ పాఠకుడికి మొదటి లైన్లోనే తెలిసిపోతుంది.

ఈ 'యెకీ అజ్' గురించి ఒక హెచ్చరిక. ఇంగ్లీషులో 'వన్ ఆఫ్ ది మోస్ట్' ఎంత అలవాటో, పర్షియన్ అనువాదాల్లో 'యెకీ అజ్' అంత అరిగిపోయింది. ఒక పేరాలో రెండుసార్లు వస్తే అనువాదం వాసన వస్తుంది. 'యెకీ' తీసేసి 'అజ్ జీబాతరీన్ షహ్ర్-హా-యె హెంద్ అస్త్' అంటే చాలు, అర్థం మారదు, వాక్యం తేలికవుతుంది.

పొడుగు ఎజాఫెల గొలుసు గురించి కూడా చూసుకోండి. ఇంగ్లీషులో 'గ్రాండ్, ఏన్షియంట్, మెజెస్టిక్, లెజెండరీ స్టోన్ ఫోర్ట్' అని నామవాచకానికి ముందు ఎన్నైనా పేర్చొచ్చు. పర్షియన్‌లో ఇవన్నీ వెనకాల '-ఎ... -ఎ... -ఎ...' అంటూ తోకలా వేలాడతాయి. దీనికి పాత అలంకారశాస్త్రంలో తతాబొ-ఎ ఎజాఫాత్ అని పేరుంది, దోషాల జాబితాలోనే పెట్టారు. రెండు విశేషణాలు 'వ'తో కలిపి జంటగా పెట్టడం మాత్రం పర్షియన్‌కి చాలా ఇష్టం. 'జీబా వ దెల్-అంగీజ్' అంటే అందమైన, మనసు ఉప్పొంగించే. నాలుగుంటే రెండు ఉంచండి, మిగతా రెండిటి పని క్రియకి అప్పజెప్పండి.

'యునీక్'కి మొన్‌హసెర్ బె ఫర్ద్, 'సాటిలేని'కి బీ-నజీర్, బీ-హమ్‌తా ఉన్నాయి. వీటికి '-తరీన్' తగిలించకండి. సాటే లేనిదాంట్లో మళ్ళీ ఎక్కువ తక్కువలు ఉండవు. నాకు బాగా నచ్చిన మాట ఇంకొకటి ఉంది, కమ్-నజీర్. 'సాటి అరుదుగా దొరికేది' అని అర్థం. పొగడ్త తగ్గదు, అబద్ధం కాదు, చదివేవాడు పేచీ పెట్టడు. రెండో రకం వాక్యాల్లో సగం దీనితోనే తీరిపోతాయి.

మూడో మెట్టు: ఊపు కోసం రాసినవాటికి నిజమైన వివరం ఇవ్వండి

మూడో రకం మాటల్ని ఊరికే తీసేస్తే బ్రోషర్ రెవెన్యూ రికార్డులా చప్పగా తయారవుతుంది. అలాగని మాటకు మాట మార్చినా లాభం లేదు. 'బ్రెత్‌టేకింగ్' చూడండి. నిఘంటువులో నఫస్‌గీర్ అని దొరుకుతుంది, ఈ మధ్య అలా వాడుతున్నారు కూడా. కానీ ఆ మాటకి పాత అర్థం ఊపిరాడనివ్వనిది, ఆయాసం తెప్పించేది అని. గోల్కొండ మెట్ల పక్కన నఫస్‌గీర్ అని రాస్తే, మోకాళ్ళ నొప్పులున్న పెద్దాయన అది చదివి కిందే కూర్చుంటాడు. చశ్మ్-నవాజ్ అంటే కళ్ళకి ఇంపైనది, దెల్-అంగీజ్ అంటే మనసుకి హత్తుకునేది. చూసే దృశ్యానికి ఇవి సరిపోతాయి.

'మస్ట్ సీ'ని 'బాయద్ బెబీనీద్' అంటే 'చూసి తీరాలి' అని ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. పర్షియన్‌లో దీనికి దీదనీ అనే చక్కటి మాట ఉంది, చూడదగ్గది అని. 'జా-హా-యె దీదనీ' అంటే చూడాల్సిన చోట్లు, ఇరానీలు రోజూ వాడే మాట. 'హిడెన్ జెమ్'ని గౌహర్-ఎ పెన్‌హాన్ అని మార్చితే నిజంగానే ఏదో దాచిన నగ అనుకునే ప్రమాదం ఉంది, ముఖ్యంగా గోల్కొండ లాంటి వజ్రాల ఊరి బ్రోషర్‌లో. 'కమ్‌తర్ శెనాఖ్తె-శొదె', అంటే అంతగా తెలియని చోటు అని నేరుగా చెప్పండి.

కానీ ఇవన్నీ మాటల మార్పిళ్ళే. అసలు మందు వేరే ఉంది. పొగడ్త మాట తీసేసిన చోట, ఆ పొగడ్తని పుట్టించిన వివరం పెట్టండి. గోల్కొండని 'మోస్ట్ ఇన్‌జీనియస్ ఫోర్ట్' అన్నారనుకోండి. అంత తెలివైనదని ఎందుకన్నారు? ఫతే దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో కొండమీదున్న బాలా హిసార్‌లో వినిపిస్తుంది కాబట్టి. ఆ విషయమే రాయండి, ఇంక 'ఇన్‌జీనియస్' అనే మాటతో పని లేదు. పర్షియన్‌లో ఇంకో సౌకర్యం కూడా ఉంది: దర్వాజె-యె ఫత్హ్, బాలా-హెసార్ అన్న పేర్లు వాళ్ళకి అర్థం అయిపోతాయి, ఒకటి విజయ ద్వారం, ఇంకొకటి పైకోట. అదే కారణంగా ఇంగ్లీషులో ఉన్న 'చార్మినార్ మీన్స్ ఫోర్ మినరెట్స్' వాక్యాన్ని కొట్టేయాలి. చహార్ మెనార్ అని చదివిన ఇరానీకి నాలుగు మినార్లని చెప్పడం అనవసరం.

ఖాళీ అయిన ఆ జాగాలో చార్మినార్‌కి 'ఆర్క్ ద ట్రయంఫ్ ఆఫ్ ది ఈస్ట్' లాంటి అరువు పొగడ్త తేకండి. ఇరానీకి పారిస్‌తో పోలిక కన్నా, హైదరాబాద్ కట్టించిన రోజుల్లో కుతుబ్‌షాహీ దర్బారులో పీష్వాగా ఉన్న మీర్ మొహమ్మద్ మోమిన్ అస్తరాబాద్ నుంచి వచ్చినవాడనే విషయం ఎక్కువ పట్టుకుంటుంది. ఆ అస్తరాబాదే ఇప్పటి గొర్గాన్. చార్మినార్ కట్టిన 1591-92 కాలం హిజ్రీ చాంద్రమానంలో వెయ్యో ఏడు. 'సాల్-ఎ హెజార్-ఎ హెజ్రీ-యె ఖమరీ' అని రాస్తే ఆ గుండ్రటి సంఖ్యే ఏ 'మోస్ట్ హిస్టారిక్' కన్నా ఎక్కువ పని చేస్తుంది.

నాలుగో మెట్టు: హైదరాబాదీ చెవికి తెలిసిన మాటలతో జాగ్రత్త

మనలో ఉర్దూ కాస్తో కూస్తో తెలిసినవాళ్ళకి పర్షియన్ సగం వచ్చేసినట్టు అనిపిస్తుంది. పొగడ్త మాటల దగ్గరే ఈ నమ్మకం ఎక్కువగా దెబ్బ తీస్తుంది. ఉర్దూలో బెహతరీన్ అంటే 'చాలా బాగుంది' అనే మెచ్చుకోలు. పర్షియన్‌లో బెహ్తరీన్ నిజమైన సూపర్లేటివ్, 'అన్నిటికన్నా మంచిది' అని ర్యాంకు చెప్తుంది. హోటల్ గురించి ఊరికే 'గుడ్' అని ఉన్నచోట బెహ్తరీన్ అని రాస్తే, మీరే ఒక కొత్త అబద్ధం చేర్చినట్టు. జబర్దస్త్ తెలుగులో కూడా ఉంది కదా, మనకి అదిరిపోయేది అని. ఇరాన్‌లో జబర్‌దస్త్ అంటే చేయి తిరిగిన మనిషి, నిపుణుడు. 'జబర్‌దస్త్ కోట' అంటే వాళ్ళకి వింతగా ఉంటుంది. శాందార్, లాజవాబ్ లాంటి ఉర్దూ పొగడ్తలు కూడా ఇరాన్ బ్రోషర్‌లో పనికిరావు.

తిండి దగ్గరికొస్తే ఇంకా జాగ్రత్త కావాలి. 'ప్రపంచంలోనే బెస్ట్ బిర్యానీ' అని ఇంగ్లీషులో ఉంటుంది. పర్షియన్‌లో బెర్యానీ అనగానే ఇరానీకి గుర్తొచ్చేది ఇస్ఫహాన్ బెర్యానీ, అందులో అసలు అన్నమే ఉండదు, మెత్తగా తరిగి వేయించిన మాంసాన్ని రొట్టె మీద పెట్టి ఇచ్చే వంట. 'బెహ్తరీన్ బెర్యానీ-యె జహాన్' అని రాస్తే ఇస్ఫహానీ కనుబొమ్మలు ఎగరేస్తాడు, మిగతావాళ్ళు రొట్టె అనుకుని వస్తారు. అందుకని ర్యాంకు వదిలేసి వంటని చూపించండి: 'బెర్యానీ-యె హైదరాబాదీ, పొలోయీ బా గూశ్త్-ఎ అద్వియె-జదె కె దర్ దీగ్-ఎ దర్-బస్తె దమ్ మీ-కశద్.' అంటే మసాలా పట్టిన మాంసంతో, మూత బిగించిన గిన్నెలో దమ్ అయ్యే పలావు. పొలో, దమ్ కశీదన్ రెండూ వాళ్ళ వంటింటి మాటలే కాబట్టి చదువుతుంటేనే నోరూరుతుంది.

హలీమ్‌ది కూడా ఇలాంటి సంగతే. ఇరాన్‌లో హలీమ్ పొద్దున టిఫిన్, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లుకుంటారు. మనది కారంగా, మసాలాతో, రంజాన్ సాయంత్రాల్లో తినేది. 'మోస్ట్ ఫేమస్ హలీమ్' అన్నదాన్ని 'హలీమ్-ఎ తొంద్-ఎ హైదరాబాదీ' అని మార్చండి, తొంద్ అంటే కారం. తీపి అనుకుని మొదటి ముద్ద పెట్టుకునే ప్రమాదం తప్పుతుంది.

ఇరానీ చాయ్ ఈ బ్రోషర్‌లో అన్నిటికన్నా గట్టి చిక్కు. 'మోస్ట్ అథెంటిక్ ఇరానీ చాయ్' అని ఇంగ్లీషు బ్రోషర్ గర్వంగా చెప్తుంది. ఇరాన్‌లో చాయ్-ఎ ఈరానీ అంటే లాహీజాన్ వైపు తోటల్లో పండే తేయాకు. పైగా వాళ్ళు తాగేది పాలు లేని టీ, చక్కెర ముక్క పళ్ళ మధ్య పెట్టుకుని. చిక్కటి పాలు పోసిన కప్పు ముందు పెట్టి 'అసలు సిసలు ఇరానీ' అంటే ఆ మనిషి ఏమనుకోవాలి? ఇక్కడ అథెంటిక్ అన్న మాటే తప్పు, తీసేయాలి. బదులుగా: 'శీర్-చాయీ కె దర్ హైదరాబాద్ బె ఆన్ ఈరానీ మీ-గూయంద్, యాద్‌గార్-ఎ ఖహ్‌వెఖానె-దారాన్-ఎ ఈరానీ.' హైదరాబాద్‌లో ఇరానీ అని పిలిచే పాల టీ, ఇక్కడ హోటళ్ళు పెట్టిన ఇరానీల జ్ఞాపకం అని. ఒక గొప్పల వాక్యం పోయి, చదివేవాడిని నవ్వించి టీ కొట్టు దాకా నడిపించే వాక్యం వచ్చింది.

ఐదో మెట్టు: ఒక పేరా మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు ఒక పేరా పూర్తిగా చేద్దాం. బ్రోషర్‌లలో మామూలుగా ఉండే తీరులో నేను కూర్చిన నమూనా ఇది, ఇంగ్లీషు అర్థం తెలుగులో ఇస్తున్నా:

'డిస్కవర్ గోల్కొండ! భారతదేశంలోనే అతి అద్భుతమైన, ఊపిరి బిగపట్టించే కోట. ప్రపంచంలోనే అతి ప్రసిద్ధ వజ్రాలకు పుట్టిల్లు. చూసి తీరాల్సిన ఈ లెజెండరీ వింత మీకు మరచిపోలేని అనుభవం ఇస్తుంది. పైకెక్కి మీ జీవితంలోనే అతి అందమైన సూర్యాస్తమయం చూడండి!'

మాటకు మాట మారిస్తే ఇలా మొదలవుతుంది: 'గోల్‌కొందే రా కశ్ఫ్ కొనీద్! బాశొకూహ్‌తరీన్ వ నఫస్‌గీర్‌తరీన్ ఖల్ఎ-యె హెంద్, ఖానె-యె మశ్‌హూర్‌తరీన్ అల్మాస్-హా-యె జహాన్...' మొదటి రెండు లైన్లలోనే మూడు '-తరీన్'లు. కశ్ఫ్ కర్దన్ అంటే సైంటిస్టు కొత్త విషయం కనిపెట్టడం, పోలీసులు దొంగసొత్తు పట్టుకోవడం. ఖానె-యె అనేది 'హోమ్ టు'కి అచ్చుగుద్దిన నకలు. వ్యాకరణంలో తప్పు లేదు, ఇరానీ ఎవరూ ఇలా మాట్లాడరు, అంతే.

గీతలు గీసి చూస్తే ఏడు ముక్కలు తేలతాయి. 'అతి అద్భుతమైన', 'ఊపిరి బిగపట్టించే', 'చూసి తీరాల్సిన', 'లెజెండరీ', 'మరచిపోలేని', 'అతి అందమైన సూర్యాస్తమయం' మూడో రకం. 'అతి ప్రసిద్ధ వజ్రాలు' ఒక్కటే వెనకాల సరుకు ఉన్న మాట. ఇంగ్లీషు పాఠకుడికి ఆ మాట వినగానే కోహినూర్ గుర్తొస్తుంది. ఇరానీకి ఇంకా దగ్గరి రాయి ఉంది, దర్యా-యె నూర్. గోల్కొండ గనుల లేత గులాబీ వజ్రం, 1739లో నాదిర్ షా ఢిల్లీ నుంచి తీసుకెళ్ళిన నగల్లోది, ఇప్పుడు టెహ్రాన్‌లోని జాతీయ ఆభరణాల ఖజానాలో ఉంది. అక్కడి మ్యూజియంలో దాన్ని చూసినవాళ్ళు ఎందరో ఉంటారు. పేరా అక్కడి నుంచే మొదలవ్వాలి. నాదిర్ షా సంగతి మాత్రం ఎత్తకండి. మనకి అది దోపిడీ, వాళ్ళలో చాలామందికి విజయం, టూరిస్టు బ్రోషర్‌లో ఆ తగువు తీరదు.

చివరికి నేను ఇలా రాస్తాను:

'దర్యా-యె నూర్, కె ఎమ్‌రూజ్ దర్ తెహ్రాన్ నెగహ్‌దారీ మీ-శవద్, అజ్ మఅదన్-హా-యె గోల్‌కొందే బె దస్త్ ఆమదె అస్త్. ఖొత్బ్‌శాహియాన్ ఖల్ఎ-యె గోల్‌కొందే రా బర్ తప్పెయీ అజ్ సంగ్-ఎ ఖారా గొస్తరెశ్ దాదంద్, బా హశ్త్ దర్వాజె. సెదా-యె దస్త్ జదన్ దర్ దర్వాజె-యె ఫత్హ్ హనూజ్ దర్ బాలా-హెసార్ శెనీదె మీ-శవద్. అస్ర్ కె శొద్, ఆరామ్ అజ్ పెల్లె-హా బాలా బియాయీద్, ఘొరూబ్-ఎ హైదరాబాద్ అజ్ ఆన్ బాలా దీదనీస్త్.'

తెలుగులో చెప్పాలంటే: ఈనాడు టెహ్రాన్‌లో భద్రంగా ఉన్న దర్యా-యె నూర్ దొరికింది గోల్కొండ గనుల్లో. కుతుబ్‌షాహీలు గోల్కొండ కోటని నల్లరాతి గుట్ట మీద ఎనిమిది ద్వారాలతో విస్తరించారు. ఫతే దర్వాజా దగ్గర కొట్టిన చప్పట్లు ఇప్పటికీ బాలా హిసార్‌లో వినిపిస్తాయి. సాయంత్రమయ్యాక మెల్లగా మెట్లెక్కి రండి, పైనుంచి హైదరాబాద్ సూర్యాస్తమయం చూడదగ్గది.

ఒక్క '-తరీన్' లేదు, ఒక్క ఆశ్చర్యార్థకం లేదు. అయినా పొగడ్త తగ్గిందా? 'కట్టారు' అనకుండా 'విస్తరించారు' అన్నాను, ఎందుకంటే కుతుబ్‌షాహీలకు ముందే, కాకతీయుల నాటి నుంచీ అక్కడ కోట ఉంది. 'మెల్లగా' అన్న ఒక్క మాట నఫస్‌గీర్ చేయాల్సిన పని చేస్తోంది, మెట్లు ఎక్కువని మర్యాదగా చెప్తోంది. పని ఇచ్చినవాళ్ళు 'ఇంగ్లీషులో ఉన్న మోస్ట్ ఎక్కడ పోయింది?' అని అడుగుతారు, అది ఖాయం. అందుకే మార్చిన ప్రతి ముక్క పక్కన ఒక లైను కారణం రాసిన పట్టిక విడిగా పంపండి. వాళ్ళు పట్టుబడితే ఒక్క చోట, శీర్షికలో, 'కమ్-నజీర్' ఇచ్చి సర్దుబాటు చేయొచ్చు.

ఆరో మెట్టు: పిలుపు, మర్యాద, కాలం

ఇంగ్లీషు బ్రోషర్ ఆజ్ఞల మీద నడుస్తుంది: డిస్కవర్, ఎక్స్‌పీరియన్స్, ఇండల్జ్. పర్షియన్‌లో 'శొమా' అనే మర్యాద బహువచనం, '-ఈద్'తో ముగిసే క్రియలు వాడాలి, అది కూడా ప్రతి వాక్యానికీ కాదు. 'తజ్రొబె కొనీద్' అంటే 'అనుభవించండి' అనేది ప్రకటనల్లో విపరీతంగా వాడి అరగదీసిన మాట, దాని బదులు ఏం చేయాలో ఆ పనే చెప్పండి: కూర్చోండి, రుచి చూడండి, నడవండి. 'అజ్ దస్త్ నదహీద్', అంటే 'వదులుకోకండి', మొత్తం బ్రోషర్‌లో ఒక్కసారి వాడితే బాగుంటుంది.

ఇంగ్లీషు బ్రోషర్ చప్పబడే ఒక చోట మీరు గొంతు పెంచొచ్చు, పెంచాలి కూడా. చివరి పేజీలో 'వుయ్ లుక్ ఫార్వర్డ్ టు వెల్‌కమింగ్ యు' అని పొడిగా ఉంటుంది. పర్షియన్ మర్యాద, తఆరొఫ్, మొదలయ్యేది అక్కడే. 'చశ్మ్ బె రాహ్-ఎ శొమాయీమ్' అనండి, మీ దారి మీదే కళ్ళు పెట్టుకుని ఉన్నాం అని. మనం కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తున్నాం అంటాం కదా, అలాంటిదే. అతిశయోక్తి అయినా ఎవరూ లెక్క అడగరు. పై పేరాల్లో తగ్గించిన ఊపుని ఇక్కడ తిరిగి ఇచ్చేయండి.

'బెస్ట్ టైమ్ టు విజిట్: అక్టోబర్ టు మార్చ్' అన్నచోట మాత్రం 'బెహ్తరీన్' ఉంచాలి, అది సలహా కాబట్టి. కానీ ఇరాన్ సౌరమానంలో మెహ్ర్ నెల మధ్య నుంచి ఎస్ఫంద్ దాకా అని రాయండి. ఇరానీల పెద్ద సెలవులు వాళ్ళ కొత్త సంవత్సరం పండుగ నౌరూజ్‌కి, మార్చి 20 ప్రాంతంలో మొదలవుతాయి, అప్పటికి ఇక్కడ ఎండలు ముదురుతుంటాయి. నౌరూజ్‌లో వచ్చేవాళ్ళు కోటని పొద్దునే చూడమని ఒక వాక్యం చేర్చమని పని ఇచ్చినవాళ్ళని అడగండి. ఇరాన్‌లో పంచే కాపీ అయితే బార్లు, మద్యం గురించిన పేరా తీసేయాల్సిందే, అక్కడ అలాంటి ప్రకటన కుదరదు.

ఏడో మెట్టు: టైపింగ్, పేజీ

'-తరీన్'ని ముందు మాటకి పూర్తిగా అతికించకూడదు, మామూలు స్పేస్‌తో విడదీయకూడదు. మధ్యలో నీమ్-ఫాసెలె, అంటే అరఖాళీ పెట్టాలి, దాని కోడ్ U+200C. స్టాండర్డ్ పర్షియన్ కీబోర్డులో Shift+Space కొడితే వస్తుంది. ఇరాన్ భాషా అకాడమీ ఫర్హంగెస్తాన్ నియమాల ప్రకారం బెహ్తర్, మెహ్తర్, కెహ్తర్, బీశ్తర్, కమ్తర్ మాత్రం కలిపే రాస్తారు, వాటి '-తరీన్' రూపాలూ అంతే. మామూలు స్పేస్ పెట్టేస్తే లైను చివర మాట విరిగి 'బొజోర్గ్' ఇక్కడ, 'తరీన్' కింది లైన్లో పడతాయి. అరబిక్ కీబోర్డుతో టైప్ చేస్తే 'యె', 'కాఫ్' అరబిక్‌వి పడతాయి. పర్షియన్‌వి U+06CC, U+06A9. ఫైలులో U+064A, U+0643 కోసం వెతికితే తప్పులు బయటపడతాయి. అంకెల్లో 4, 5, 6 ఆకారాలు పర్షియన్‌లో అరబిక్‌లా ఉండవు, ఫాంట్ ఏది చూపిస్తోందో చూసుకోండి.

పర్షియన్‌లో క్యాపిటల్ అక్షరాలు లేవు కాబట్టి ఇంగ్లీషు శీర్షిక పెద్దక్షరాలతో అరిచిన అరుపు ఇక్కడ ఉండదు, దాన్ని పూడ్చడానికి ఇంకో '-తరీన్' పెట్టాలనిపిస్తుంది, పెట్టకండి. ఫాంట్ సైజు పెంచితే చాలు. మూడు మడతల బ్రోషర్ అయితే కుడి నుంచి ఎడమకి చదువుతారు కాబట్టి ముఖచిత్రం ఉన్న మడత అటువైపు మారాలి. ఈ సంగతి డిజైనర్‌కి మొదటి రోజే చెప్పండి.

చివరగా: పరీక్ష

ఫైలులో '-తరీన్' అని వెతికి, దొరికిన ప్రతిదాని పక్కన ఆధారం రాయగలరేమో చూడండి. రాయలేనిది, సలహా కానిది తీసేయాలి. తర్వాత ఇంగ్లీషు అసలు చూడని ఒక ఇరానీ చేత గట్టిగా చదివించండి. హైదరాబాద్‌లో ఇరానీ విద్యార్థులు ఉంటారు, దొరకడం కష్టం కాదు. బాగుందా అని అడగకండి, మర్యాద కొద్దీ బాగుందనే అంటారు. చదువుతూ ఎక్కడ తడబడ్డారో, ఏ వాక్యాన్ని చూపు దాటేసిందో గమనించండి. ఆ తర్వాత కాగితం తీసేసుకుని, గోల్కొండ గురించి ఏం గుర్తుందని అడగండి. చప్పట్ల సంగతో, దర్యా-యె నూర్ సంగతో చెప్తే ఆ పేరా ప్రింటుకి పంపొచ్చు. 'చాలా గొప్ప కోట అని రాశారు' అంటే, ఆ పేరాకి మళ్ళీ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టాలి.